కిటికీ పక్క సీటు

పేపర్లు దిద్దే హాల్లో ఫ్యాన్ల గాలికి జవాబు పత్రాలు ఎగిరిపోకుండా ఒక్కొక్కరు ఒక్కో బరువు పెట్టుకుంటారు. ఒకరు తాళాల గుత్తి, ఒకరు కళ్ళజోడు పెట్టె, ఇంకొకరు నీళ్ళ సీసా. పండితమ్మ మాత్రం ఏటా తన చేతి గడియారం తీసి పెడుతుంది. టైము చూసుకుంటూ దిద్దితే చేతికి తొందర వస్తుందని ఆమె నమ్మకం. గడియారం బోర్లా పెట్టి దాని మీద నుంచి చూపు తిప్పేస్తే ఇక కాగితమూ తనూ ఎర్ర పెన్నూ.

పండితమ్మ అన్నది ఆమె అసలు పేరు కాదు. కొత్తగా పెళ్ళయి వచ్చిన రోజుల్లో వంటింట్లో పప్పు ఉడికేలోపు హిందీ వ్యాకరణం చదువుకుంటుంటే మొగుడు నవ్వుతూ పెట్టిన పేరు. ఆ పేరు ఇంట్లో అందరికీ అంటుకుంది. పాలవాడూ, చివరికి పేపర్లు దిద్దే హాల్లో వాళ్ళూ అదే పేరుతో పిలిచేదాకా వచ్చింది. ఇద్దరు పిల్లల్ని కని, పెంచి, దూరవిద్యలో ఎమ్మే పూర్తి చేసి, పదకొండేళ్ళుగా ఒక హిందీ భాషా సంస్థ పరీక్షల పేపర్లు దిద్దుతోంది. ఏడాదికి రెండుసార్లు, ఒక్కోసారి ఎనిమిది రోజులు. ఆ పదహారు రోజులు ఆమెను ఎవరూ ఫలానా వాళ్ళ కోడలు అనీ, ఫలానా వాళ్ళ అమ్మ అనీ పిలవరు. హాజరు పట్టీలో సంతకం చేసి తన బల్ల దగ్గర తను కూర్చుంటుంది. ఇల్లు దాటితే ఆమెకంటూ ఉన్నది అదొక్కటే.

ఈసారి దానికి తోడు ఇంకొకటి కూడా ఉంది. అది ఆ హాల్లో ఎవరికీ తెలియదు. పెద్దవాళ్ళ కోసం సంస్థ పెట్టే హిందీ ప్రాథమిక పరీక్షకు ప్రశ్నపత్రం తయారు చేసింది ఆమే. నాలుగు నెలల కిందట సంస్థ నుంచి లక్క ముద్రతో కవరు వచ్చింది. ప్రశ్నలు రాసి, జవాబుల నమూనా జతచేసి, మళ్ళీ ముద్ర వేసి పంపాలి. ఎవరికీ చెప్పకూడదు, ఎవరికీ చూపకూడదు అని ఒక కాగితం మీద సంతకం కూడా పెట్టింది. పంపాక సంస్థలో ఎవరో ఇద్దరు పెద్దలు కూర్చుని చూసి, అవసరమైన చోట మార్చి, అచ్చుకు ఇస్తారు. ఏం మార్చారో ప్రశ్నలు రాసినవాళ్ళకి ఎవరూ చెప్పరు. అందరితోపాటు వాళ్ళూ అచ్చు కాగితంలోనే చూసుకోవాలి.

ఆ ఉదయం ఆమె అలాగే చూసుకుంది. ఎనిమిదో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి పెదవి విరిచింది.

ఎనిమిదో ప్రశ్న ఆమె ఎంతో ఇష్టంగా రాసుకున్నది. రైల్వే టికెట్ కౌంటర్ దగ్గర మర్యాదగా జరిగే సంభాషణ. కౌంటర్లో గుమాస్తా అన్న మాటలు ఐదు అచ్చులో ఉంటాయి. ప్రయాణికుడి మాటలుండాల్సిన చోట ఐదు ఖాళీ గీతలు. ఆ సగాన్ని విద్యార్థి పూరించాలి. ఒక్కో గీతకు రెండు మార్కులు. అడిగినదానికి జవాబు సరిపోతే ఒకటి, మర్యాద తప్పకుండా ఉంటే అర, తప్పుల్లేకుండా రాస్తే అర.

ఆమె రాసినదాంట్లో గుమాస్తా మూడో మాట ఇలా ఉండేది: "క్యా ఆప్‌కో ఖిడ్‌కీ వాలీ సీట్ చాహియే?" కిటికీ పక్క సీటు కావాలా అని. అచ్చులో అది లేదు. దాని బదులు "ఉస్ గాడీ మే జగహ్ నహీ హై. క్యా అగ్‌లే దిన్ చలేగా?" అని ఉంది. ఆ బండిలో చోటు లేదు, మర్నాడు వెళ్తే ఫరవాలేదా అని.

ముందు ఉక్రోషం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే మార్చిన వాళ్ళే రైటనిపించింది. కిటికీ సీటు కావాలా అంటే ఎవడైనా "జీ హా" అని రెండు ముక్కలు రాసి రెండు మార్కులు కొట్టేస్తాడు. చోటు లేదంటే మాత్రం బుర్ర పెట్టాలి. సరేనని మర్నాటికి ఒప్పుకోవాలి, లేదా ఇంకో బండి ఉందా అని బతిమాలుకోవాలి. ఎవరు మార్చారో గానీ చేయి తిరిగినవాళ్ళే అనుకుంటూ మొదటి కట్ట విప్పింది.

కట్టలో నలభై పత్రాలు. అన్నీ ఒకే పరీక్షా కేంద్రానివి. నంబర్లున్న చీటీలు ముందే చింపేస్తారు కాబట్టి ఎవరి పేపరు ఎవరిదో దిద్దేవాళ్ళకి తెలియదు.

మొదటి పత్రంలో ఎనిమిదో ప్రశ్న ముచ్చటగా మొదలైంది. గుమాస్తా ఏం కావాలని అడిగితే "కృపయా ఫూల్‌నగర్ కే దో టికట్ దీజియే" అని రెండు టికెట్లు అడిగింది ప్రయాణికురాలు. ఏ తారీఖుకి అంటే పన్నెండుకి అంది. పండితమ్మ టిక్కులు పెట్టుకుంటూ మూడో గీతకు వచ్చింది. ఆ బండిలో చోటు లేదు, మర్నాడు చలేగా అని గుమాస్తా అడిగాడు.

"జీ హా, హో సకే తో ఖిడ్‌కీ కే పాస్ దే దీజియే. మేరీ సాస్ కో బాహర్ దేఖ్‌నా బహుత్ అచ్ఛా లగ్తా హై."

వీలైతే కిటికీ పక్కన ఇవ్వండి, మా అత్తగారికి బయటికి చూడడమంటే చాలా ఇష్టం.

చోటే లేదు మొర్రో అంటుంటే కిటికీ కావాలంటుందేమిటి అని పండితమ్మకు నవ్వొచ్చింది. నవ్వు పెదవుల దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. ఆ వాక్యం ఆమె చెవికి తెలిసిన వాక్యం. మాటలే కాదు, ఆ మాటలు పలికిన గొంతు కూడా తెలుసు.

రెండో పత్రం తీసింది. ఫూల్‌నగర్‌కే. పన్నెండో తారీఖే. మూడో గీతలో మళ్ళీ అత్తగారు, మళ్ళీ కిటికీ. మూడో పత్రం. నాలుగోది. ఐదో పత్రంలో ఎవరో మగవాడు కాబోలు, అత్తగారిని అమ్మగా మార్చుకున్నాడు గానీ కిటికీని మాత్రం వదల్లేదు. పండితమ్మ మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టేసి నలభై పత్రాల్లోనూ ఎనిమిదో ప్రశ్న ఒక్కటే తిరగేసింది. ఇరవై ఏడింటిలో కిటికీ ఉంది.

పక్క బల్ల టీచరు ఒళ్ళు విరుచుకుంటూ తొంగి చూసింది. ఆవిడకు నోట్లో మాట నిలవదు.

"ఏంటండీ పండితమ్మగారూ, కట్టంతా చల్లేసుకున్నారు? జోస్యం చెప్తున్నారా?"

"ఏం లేదండీ. కొంచెం..."

"అయ్యో, ఇదేంటి, అందరూ ఒకే ఊరికి పోతున్నారు! ఫూల్‌నగర్‌లో ఏదైనా పెళ్ళా?" ఆవిడ నాలుగు పత్రాలు గబగబా తీసి చూసింది. "ఓలమ్మో! అక్షరం పొల్లు పోకుండా! చీఫ్ గారూ, ఇలా ఒకసారి వస్తారా?"

పండితమ్మ చెయ్యి చాచేలోపే దిద్దుబాటంతా చూసుకునే చీఫ్ ఎగ్జామినరు వచ్చేశారు. ఆకుపచ్చ సిరా పెన్ను జేబులో పెట్టుకుని తిరిగే ఆ పెద్దాయన రిటైరైన హిందీ మాస్టారు. పది పత్రాలు చూశాక ఆయన ముక్కుపుటాలు అదిరాయి.

"మాస్ కాపీయింగ్. హాల్లో ఎవడో ఒకడు రాసి అందరికీ అందించేశాడు. కళ్ళు మూసుకుని కూర్చున్నాడా ఆ సూపర్‌వైజరు?" ఆయన రిజిస్టరు తెప్పించి కేంద్రం నంబరు చూశారు. "చూశారా, కేంద్రం పెట్టిన బడిలోనే పనిచేసే డ్రిల్లు మాస్టారట. వీళ్ళని పెడితే ఇంతే. రేపు రిపోర్టు రాసేద్దాం. ఇక ఆయన్ని మన పరీక్షల గడప తొక్కనివ్వద్దు. వాళ్ళ బడికి కూడా ఉత్తరం పోతుంది."

"ఆయన..." అంది పండితమ్మ.

"మీకు తెలుసా ఆయన?"

"తెలియదండీ."

"మరింకేం. ఈ కట్ట ఇక్కడే ఆపేయండి. వేరే కట్ట తీసుకోండి."

ఆమె వేరే కట్ట తీసుకుంది. సాయంత్రం నాలుగింటి దాకా అందులో పద్దెనిమిది పత్రాలు దిద్దింది. ఎవరికెన్ని వేసిందో ఒక్కటీ గుర్తులేదు.

ఆమెకు గుర్తున్నదల్లా నాలుగు నెలల కిందటి ఒక మధ్యాహ్నం.

వాళ్ళది ఒకే ఇల్లు, రెండు వాటాలు. కింద పండితమ్మా, మొగుడూ, పిల్లలూ, అత్తగారూ. మేడ మీద మరిదీ, తోడికోడలూ. తోడికోడలు వచ్చి ఎనిమిదేళ్ళు. వచ్చిన కొత్తలో ఆ పిల్లకు హిందీలో అంకెలు కూడా రావు. మేడ మెట్ల మీద కూర్చోబెట్టి అక్షరాల దగ్గర్నుంచి పరీక్షల దాకా నడిపించింది పండితమ్మే. మూడేళ్ళుగా ఆ అమ్మాయి మేడ మీద ముందు గదిలో ట్యూషన్లు చెబుతోంది. కొట్ల వాళ్ళు, ఆఫీసుల వాళ్ళు, నర్సులు వస్తారు. చిన్న పరీక్ష ఒకటి పాసైతే ఉద్యోగంలో మెట్టు ఎక్కేవాళ్ళే అందరూ. తోబుట్టువులు కూడా అంత కలిసి ఉండరని వీధిలో చెప్పుకునేవారు. కూర గిన్నెలు పైకీ కిందికీ ఎన్నిసార్లు తిరిగాయో, ఏ గిన్నె ఎవరిదో ఇద్దరికీ తెలియకుండా పోయింది.

ఆ మధ్యాహ్నం పండితమ్మ ఎనిమిదో ప్రశ్న రాసి, అది చెవికి ఎలా ఉంటుందో తేల్చుకోలేకపోయింది. కాగితం మీద బాగానే ఉంది. నోట్లో పెట్టుకుంటే గుమాస్తా బొత్తిగా పుస్తకంలా మాట్లాడుతున్నట్టు అనిపించింది. రాసినదాన్ని ఎవరితోనన్నా ఒకసారి ఆడి చూస్తేనే ఆమెకు తృప్తి. మెట్ల మీద తోడికోడలికి పాఠం చెప్పిన రోజుల్లో కూడా ఏ సంభాషణా ఆడి చూడకుండా వదిలేది కాదు. అంతలో తోడికోడలు చాటలో బియ్యం పట్టుకుని దిగింది.

"అమ్మాయ్, ఇలా రా. నేను టికెట్ గుమాస్తాని. నువ్వు టికెట్ కొనుక్కోవాలి."

"ఏ క్లాసుకి అక్కా?"

"ఊరికే. ఒక అభ్యాసం."

వంటింటికీ హాలుకీ మధ్య గిన్నెలు అందించుకునే చిన్న కిటికీ ఒకటుంది. పండితమ్మ దాని వెనక కూర్చుంది. తోడికోడలు ఇవతల నిలబడి కొంగు బుజాన సర్దుకుని, క్యూలో ముందున్నవాడిని తోసేసినట్టు నటించింది. ఇద్దరూ పడీపడీ నవ్వారు. కిటికీ సీటు కావాలా అని గుమాస్తా అడిగేసరికి ఆ పిల్ల ఓరగా గదిలో పడుకున్న అత్తగారి వైపు చూసి, గొంతు తగ్గించి, అత్తగారికి బయటికి చూడడం ఇష్టమని చెప్పింది. బస్సెక్కితే చాలు, కిటికీ కోసం చంటిపిల్లలతో కూడా పోట్లాడుతుంది అత్తగారు. ఆ మాట విని పండితమ్మ కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. నవ్వింది గానీ రాసుకోలేదు. సంస్థకు పంపిన నమూనాలో ఆ మాట లేదు. "జీ హా, ఖిడ్‌కీ కే పాస్ దీజియే" అన్న ముక్కతో సరిపెట్టింది.

కాబట్టి ఆ అత్తగారు ఈ లోకంలో ఒక్క నోటి నుంచే రాగలదు.

బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే పండితమ్మ మనసు తనతో తనే వాదులాడుకుంది. ఏదో పాఠం చెబుతూ ఆ ముక్క వాడుకుని ఉంటుందిలే. బాగుంది కాబట్టి నలుగురికీ చెప్పి ఉంటుందిలే. పరీక్షలో వస్తుందని దానికేం తెలుసు? అలా అనుకుంటూ వీధి మలుపు దాకా వచ్చింది. మలుపు తిరగ్గానే మేడ మెట్ల మీద చెప్పుల జతలు కనిపించాయి. ఎప్పుడూ పదో పన్నెండో ఉండేవి. ఇప్పుడు మెట్లు చాలక గోడవార కూడా వదిలారు. రెండు నెలలుగా అలాగే ఉన్నాయి; పరీక్ష అయిపోయినా పై పరీక్షకని వస్తూనే ఉన్నారు. ఈ బ్యాచ్ బాగా కుదిరిందని తోడికోడలు అంటే ఆమె కూడా సంతోషించింది. ఎందుకు కుదిరిందో మాత్రం అడగలేదు.

క్లాసు అయ్యేదాకా ఆగి, అందరూ దిగిపోయాక మేడెక్కింది. తోడికోడలు బోర్డు తుడుస్తోంది.

"అక్కా! ఈరోజు తొందరగా వదిలారా? ఉండు, టీ పెడతాను."

"టీ వద్దు. టికెట్ కౌంటర్ సంభాషణ నీ క్లాసులో చెప్పావా?"

డస్టరు ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఆ పిల్ల నవ్వింది. గుట్టు పంచుకునే నవ్వు.

"వచ్చిందా నీ కట్టకే? నాకు తెలుసు నీకే వస్తుందని. ఎలా రాశారు మావాళ్ళు?"

"కిటికీ పక్క సీటు ఇమ్మన్నారు. ఇరవై ఏడు మంది."

"చూశావా! ఒక్కొక్కళ్ళ చేత పదిసార్లు చెప్పించాను. నిద్రలో లేపినా చెప్తారు."

"అచ్చులో కిటికీ లేదు."

"ఆ?"

"గుమాస్తా మాట మార్చారు. బండిలో చోటు లేదు అన్నాడు. నీ వాళ్ళు ఆ ముక్క చదవనైనా చదవకుండా అత్తగారికి కిటికీ కావాలన్నారు."

తోడికోడలు కుర్చీలో కూలబడింది. "అందుకేనా! పరీక్ష రాసొచ్చిన రోజు ఒక నర్సు అంది, ఏదో తేడాగా ఉంది మేడమ్ అని. నేనే కసిరాను, నువ్వు సరిగ్గా చూడలేదులే అని." ఆపైన గొంతు సర్దుకుంది. "మార్చినట్టు నాకు చెప్పలేదేం అక్కా?"

పండితమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక అడిగింది.

"నీకు చెప్పడమేమిటి?"

"అంటే... ఇచ్చినదానివి మార్పు కూడా చెప్పాలిగా."

"నేను ఇచ్చానా?"

"ఇవ్వకపోతే? ముద్ర కవరు నీ బీరువాలో పెట్టడం నేను చూడలేదనుకున్నావా? పోస్టుమన్ దగ్గర సంతకం పెట్టేటప్పుడు పక్కనే ఉన్నాను. సరిగ్గా ఆ వారమే నన్ను పిలిచి, కిటికీ వెనక కూర్చుని, ఊరికే ఒక అభ్యాసం అన్నావు. నోటితో చెప్పలేక అలా చెప్పావని అర్థం చేసుకున్నాను. నా మంచి కోరి చేశావు. ఇంటికి రాగానే దేవుడికి దణ్ణం కూడా పెట్టుకున్నాను, ఇలాంటి అక్కని ఇచ్చినందుకు."

"అది చెవికి ఎలా ఉందో చూద్దామని ఆడానే."

తోడికోడలు ఆమె మొహంలోకి పరీక్షగా చూసింది. ఆ చూపులో దొంగతనం లేదు. నిజంగా తెలుసుకోవాలన్న చూపు.

"అంటే, నిజంగా ఊరికే ఆడావా?"

పండితమ్మకు తగిలింది అక్కడ. ఎనిమిదేళ్ళు పక్కన కూర్చోబెట్టుకుంది. ఒక్క అర మార్కు ఎక్కువేయమని సొంత ఆడపడుచు తన కొడుకు కోసం అడిగితే మాట పడింది గానీ వెయ్యలేదు. అప్పుడు ఈ పిల్లే వెనకేసుకొచ్చింది. అన్నీ చూసిన పిల్ల, అన్నీ తెలిసిన పిల్ల, తనను చాటుగా పేపరు చేరవేసే మనిషి అనుకుని, పైగా అందుకు దణ్ణం పెట్టుకుంది.

"నేను అలాంటి పని చేస్తానని ఎలా అనుకున్నావే?"

"ఎవరైనా చేస్తారక్కా, మనవాళ్ళ కోసం. అందులో తప్పేముంది?"

"ఈ చెప్పుల జతలన్నీ అందుకేనా? ఏమని చెప్పి చేర్చుకున్నావు వీళ్ళని?"

తోడికోడలు డస్టరు దులిపింది. సుద్దపొడి ఇద్దరి మధ్యా లేచింది.

"అందరికీ చెప్పలేదు. ఇద్దరు ముగ్గురికి అన్నాను, మా అక్క ఆ పేపర్లు చేసేవాళ్ళలో ఉంటుంది, మా దగ్గర చదివితే దిగులుండదు అని. వాళ్ళు ఇంకొందరికి చెప్పుకున్నారు. నీ గురించి గొప్పగానే చెప్పానక్కా."

పండితమ్మ మెట్లు దిగొచ్చింది. అన్నం పొయ్యి మీద పెట్టింది. దింపింది. రాత్రి మొగుడికి సంగతంతా చెప్పింది. ఆయన మెడ రుద్దుకున్నాడు.

"ఇప్పుడు నువ్వు నోరు తెరిస్తే ఏమవుతుంది?"

"నా పేరు పట్టీలోంచి కొట్టేస్తారు. ప్రశ్నలు రాయడమే కాదు, దిద్దడానికీ పిలవరు."

"తెరవకపోతే?"

"ఎవరో డ్రిల్లు మాస్టారు. హాల్లో కాపీ కొట్టించాడని రాస్తారు. మూడు గంటలు నిలబడి కాపలా కాసి ఉంటాడు పాపం."

"ఆయనెవరో మనకి తెలీదు కదా పండితమ్మా."

ఆమె కంచాలు తీసేసింది. ఆయన ఆ మాట రెండోసారి అనలేదు. అయినా అన్నాడని ఆమెకు గుర్తుండిపోతుంది. తను కాక ఇంట్లో ఉన్న నలుగురు పెద్దవాళ్ళలో ఇద్దరు ఈ ఒక్క పూటలో తనకు కొత్త మనుషులుగా కనబడ్డారు.

తెల్లారి పిల్లల డబ్బాలు కట్టి, అత్తగారికి మాత్రలిచ్చి, బల్ల దగ్గర కూర్చుని ఉత్తరం రాసింది. ప్రశ్నలు రాసింది తనేనని, ఎనిమిదో ప్రశ్నను పంపడానికి ముందు ఇంట్లో తోడికోడలితో ఆడి చూశానని, అది నియమానికి విరుద్ధమని తెలుసునని రాసింది. జవాబుల్లో ఉన్న కిటికీ అచ్చులో లేదని, తను మొదట రాసినదాంట్లో ఉందని, కాబట్టి విద్యార్థులు హాల్లో ఒకరిని చూసి ఒకరు రాయలేదని, ముందే వల్లించుకొచ్చారని, సూపర్‌వైజర్‌కు ఇందులో ఏ ప్రమేయమూ లేదని రాసింది. ఒక్క కొట్టివేత లేకుండా ఒకటిన్నర పేజీ వచ్చింది.

తోడికోడలు గుమ్మంలో నిలబడి ఉందని తలెత్తాక గాని తెలియలేదు.

"నా పేరు రాశావా?"

"రాశాను."

"తీసెయ్యక్కా. ఇంట్లో ఎవరో అని రాయి."

"ఇంట్లో హిందీ వచ్చింది ఇద్దరికే. ఎవరో అంటే అత్తగారనుకుంటారా?"

మామూలు రోజయితే ఇద్దరూ నవ్వి ఉండేవాళ్ళు.

"నా ట్యూషను పోతుంది. నీకేం, నీకు బావగారి జీతముంది. పదహారు రోజుల ముచ్చట కోసం నా కడుపు కొడతావా?"

"ఆ పదహారు రోజులు కూడా పోతున్నాయే. ముందు పోయేవి అవే."

"మంచిదానివనిపించుకోవాలని నీకు సరదా. ఎప్పుడూ అంతే."

ఉత్తరం మడిచి సంచిలో పెట్టుకుని పండితమ్మ బయలుదేరింది.

చీఫ్ గారు ఉత్తరం రెండుసార్లు చదివారు. మొదటిసారి కళ్ళజోడుతో, రెండోసారి కళ్ళజోడు తీసి.

"మీరా రాసింది ఈ పేపరు? మంచి పేపరమ్మా. ఎనిమిదోది ఇంకా బాగుంది." ఆయన గొంతు తగ్గించారు. "ఈ రెండో పేరు అవసరమా? మీ ఒక్కరి మాట సరిపోతుంది."

"జరిగింది జరిగినట్టు రాశానండీ."

"కమిటీ చూస్తుంది. ఆ కేంద్రం వాళ్ళ చేత ఈ పరీక్ష మళ్ళీ రాయిస్తారనుకుంటాను. ఆ మాస్టారు సంగతి సరే, ఆయన మీద రిపోర్టు ఇక రాయను." ఆమె చేతిలో ఎర్ర పెన్ను అందుకున్నారు. "మీ కట్ట మాత్రం..."

"తెలుసండీ."

ఆమె పూర్తి చేయని పత్రాలు లెక్కపెట్టి ఒప్పజెప్పింది. ఆపేసిన కట్టలోంచి ఒక పత్రం జారి పైకొచ్చింది. నిన్న కిటికీ వెతుకుతూ తోసేసిన పదమూడింటిలో ఒకటి. అందులో మూడో గీత మీద ఎవరో వంకర అక్షరాలతో రాశారు, మర్నాడు కుదరదండీ, పన్నెండునే మా చెల్లెలికి ఆపరేషన్, దయచేసి ఇంకో బండి ఏదైనా ఉందేమో చూడండి అని. రెండు తప్పులున్నాయి. పండితమ్మ చెయ్యి అలవాటుగా ఎర్ర పెన్ను కోసం వెళ్ళింది. పెన్ను అప్పటికే చీఫ్ గారి బల్ల మీద ఉంది. పక్క బల్ల టీచరు ఆమె గడియారం తీసి అందించింది.

పదకొండింటికే ఇంటికొచ్చేసింది. పేపర్లు దిద్దే రోజుల్లో ఆ వేళకు ఇంటికి రావడం ఇదే మొదటిసారి. వీధిలో ఎండ, మెట్ల దగ్గర గుంపు. పదిహేను మంది దాకా ఉంటారు. పనులు మానుకుని వచ్చినట్టున్నారు. తోడికోడలు ఫోన్లు చేసి పిలిపించిందో, వాళ్ళే వచ్చారో తెలియదు. మేడ మీద పిట్టగోడ దగ్గర నిలబడి ఉంది ఆ పిల్ల. ఏడ్చినట్టు మొహం ఉబ్బి ఉంది.

"అదుగో, వచ్చింది," అంది అందరికీ వినబడేలా. "నన్నెందుకు నిలదీస్తారు? పేపరు చెప్పిందీ ఆవిడే, ఇప్పుడు వెళ్ళి రాసిచ్చిందీ ఆవిడే. ఆవిడనే అడగండి."

అక్క అనలేదు. ఆవిడ అంది. తర్వాత లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. గడియ పడిన చప్పుడు కిందిదాకా వినిపించింది.

గుంపులోంచి ఒకాయన ముందుకొచ్చాడు. నడివయసు, చొక్కా జేబులో ఆఫీసు కార్డు. కోపంగా లేడు, అలిసిపోయి ఉన్నాడు.

"పరీక్ష మళ్ళీ రాయాల్సి వస్తుందంటున్నారు మా మేడమ్. నిజమేనా?"

"రాయాల్సి రావచ్చు. ఈసారి కాగితం మీద ఏముందో చదివి రాయండి."

"అది సరే మేడమ్. ముందే చెప్పింది మీరేనటగా. కావాలనే ఇచ్చారట."

"లేదు," అంది పండితమ్మ.

ఆయన తల ఊపాడు, మర్యాదగా. వెనకనున్న నర్సు పక్కనున్నావిడ వైపు చూసింది. ఆ పక్కావిడ చెప్పులేసుకోవడానికి వంగింది. పండితమ్మ ఒక్కొక్క మొహమే చూసింది. ఎవరూ ఎదురు చెప్పలేదు. ఎవరూ నమ్మలేదు కూడా.